ఆఖరి నీరు ఆల్కహాల్‌ను ఎందుకు వదలదు: రౌల్ట్ నియమం నుంచి విచలనాలు, స్వేదనానికి అజియోట్రోప్ విధించే హద్దు

పులిసిన మొలాసిస్ వాష్‌ను డిస్టిలేషన్ కాలమ్‌లో ఎంతసేపు మరిగించినా, కాలమ్‌కు ఇంకెన్ని ట్రేలు చేర్చినా, పైనుంచి దిగే స్పిరిట్‌లో బరువు ప్రకారం 95.6 శాతానికి మించి ఇథనాల్ రాదు. మిగిలిన 4.4 శాతం నీరు ఆల్కహాల్‌తో పాటే ఆవిరై, దానితో పాటే చల్లబడి ద్రవంగా దిగుతుంది. ద్రవంలోనూ ఆవిరిలోనూ ఒకే పాళ్లు ఉండేలా మరిగే ఇలాంటి మిశ్రమాన్నే అజియోట్రోప్ అంటారు. నీరు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఇథనాల్ మరిగేది 78.3 డిగ్రీల వద్ద. ఇంత తేడా ఉన్న రెండు ద్రవాలు చివరి మెట్టు మీద విడిపోకపోవడం యంత్రం లోపం కాదు. ఆ రెండు రకాల అణువులు ఒకదాని పక్కన మరొకటి ఉన్నప్పుడు ఆవిరయ్యే తీరులోనే దాని కారణం ఉంది. చివర్లో స్వేదనాన్ని అడ్డుకునే ఆ గుణమే మొదట్లో స్వేదనానికి ఎంతో మేలు చేస్తుందన్న సంగతి పాఠాల్లో తరచుగా మరుగున పడిపోతుంది.

ముందుగా ఆదర్శ ద్రావణం సంగతి చూడాలి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పనిచేసిన ఫ్రాన్స్వా మారీ రౌల్ట్ 1887లో ప్రకటించిన నియమం ప్రకారం, ద్రావణంలోని ఒక అంశం తన వంతుగా ఇచ్చే పాక్షిక బాష్పపీడనం ఆ ద్రవంలో దాని మోల్ భాగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సూత్రంగా రాస్తే p = x · p°. ఇందులో p° అనేది అదే ఉష్ణోగ్రత వద్ద ఆ అంశం శుద్ధంగా ఉన్నప్పటి బాష్పపీడనం, x అనేది ద్రవంలోని మొత్తం అణువుల్లో దాని వంతు. ఒక అణువుకు తన జాతి అణువు పక్కన ఉన్నా, రెండో జాతి అణువు పక్కన ఉన్నా ఆకర్షణలో తేడా ఏమీ లేనప్పుడు మాత్రమే ఈ సరళమైన లెక్క నిలుస్తుంది. బెంజీన్, టోలూయీన్ జంట దీనికి చాలా దగ్గరగా నడుస్తుంది, ఎందుకంటే వాటి అణువుల ఆకృతీ, వాటి మధ్య బలాలూ దాదాపు ఒకటే. అటువంటి మిశ్రమంలో ఆవిరి ఎప్పుడూ తక్కువ ఉష్ణోగ్రతకు మరిగే అంశంతోనే ద్రవం కన్నా సంపన్నంగా ఉంటుంది. కనుక ఆవిరిని ద్రవీకరించి మళ్లీ మరిగిస్తూ పోతే, సూత్రరీత్యా, కోరినంత శుద్ధి సాధ్యమవుతుంది.

ఇథనాల్, నీరు అలాంటి జంట కావు. వాటి మిశ్రమం మీద కొలిచిన మొత్తం బాష్పపీడనం రౌల్ట్ లెక్క చెప్పినదానికన్నా ఎక్కువగా ఉంటుంది. దీన్నే ధనాత్మక విచలనం అంటారు. విచలనం ఎంతో చెప్పడానికి రౌల్ట్ సూత్రంలో ఒక గుణకాన్ని చేర్చి p = γ · x · p° అని రాస్తారు. ఈ γ పేరు క్రియాశీలత గుణకం. అది 1 అయితే ఆ అంశం ఆదర్శంగా ప్రవర్తిస్తున్నట్టు, 1 కన్నా ఎక్కువైతే ద్రవంలో ఇమడలేక ఆవిరిలోకి పోవడానికి ఎక్కువ మొగ్గు చూపుతున్నట్టు, తక్కువైతే ద్రవం దాన్ని గట్టిగా పట్టి ఉంచుతున్నట్టు.

ఈ మొగ్గు ఎంత ఉంటుందో అజియోట్రోప్ బిందువు దగ్గరే సులభంగా లెక్క కట్టవచ్చు. అక్కడ ఆవిరి సంఘటనం, ద్రవం సంఘటనం ఒకటే కాబట్టి ప్రతి అంశానికీ γ విలువ మొత్తం పీడనాన్ని దాని శుద్ధ బాష్పపీడనంతో భాగిస్తే వచ్చేస్తుంది. సాధారణ వాతావరణ పీడనం, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం కింద, ఈ మిశ్రమం సుమారు 78.15 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద శుద్ధ ఇథనాల్ బాష్పపీడనం దాదాపు 755 మిల్లీమీటర్లు, శుద్ధమైన నీటిది దాదాపు 329. బరువులో 95.6 శాతం అంటే అణువుల లెక్కన సుమారు 89.5 శాతం ఇథనాల్, 10.5 శాతం నీరు. రౌల్ట్ నియమమే నిజమై ఉంటే ఇథనాల్ వంతు 676, నీటి వంతు 34.5, మొత్తం 710 మిల్లీమీటర్లు రావాలి. అసలున్నది 760. అందులో ఇథనాల్ వంతు 680, అంటే లెక్క చెప్పినదానితో దాదాపు సమానం. నీటి వంతు మాత్రం 34.5 ఉండవలసిన చోట 80 మిల్లీమీటర్లు ఉంది. ఇథనాల్ γ విలువ 1.01 దగ్గర ఆగితే నీటి γ విలువ 2.3కు చేరింది. చుట్టూ ఆల్కహాలే ఉన్న ద్రవంలో చిక్కిన కొద్దిపాటి నీరు, ఆదర్శ ద్రావణంలో కన్నా రెండింతలకు పైగా ఆవిరి వైపు మొగ్గుతోందన్నమాట. శుద్ధ స్థితిలో ఇథనాల్ నీటికన్నా 2.3 రెట్లు బాష్పశీలం. ద్రావణంలో నీటికి లభించిన అదనపు మొగ్గు కూడా ఆ ఇథనాల్‌తో పోలిస్తే సరిగ్గా 2.3 రెట్లే. రెండూ సరితూగిన చోట ఆవిరికీ ద్రవానికీ తేడా మిగలలేదు, విడదీయడానికి ఆధారమూ మిగలలేదు.

నీటికి ఈ మొగ్గు ఎందుకు వస్తుంది? నీటి అణువు తన చుట్టూ నాలుగు హైడ్రోజన్ బంధాల వరకు ఏర్పరచుకోగలదు. ఇథనాల్ అణువుకు ఒక కొన హైడ్రాక్సిల్ సమూహమైనా, రెండో కొన నీటితో పొత్తు కుదరని ఇథైల్ సమూహం. ఆల్కహాల్ గుంపులో ఒంటరిగా పడిన నీటి అణువుకు, సొంత నీటిలో దొరికే బంధాల అల్లిక దొరకదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధనాత్మక విచలనం ఉన్న ద్రావణాలు కలిపేటప్పుడు వేడిని గ్రహిస్తాయనీ, వాటి ఘనపరిమాణం పెరుగుతుందనీ ఇంటర్మీడియట్ పాఠంలో సూత్రంలా కంఠస్థం చేయిస్తారు. ఇథనాల్, నీటి విషయంలో అది రెండు విధాలా తప్పుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఈ రెంటినీ కలిపితే గాజుపాత్ర వేడెక్కుతుంది. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌కు 50 మిల్లీలీటర్ల నీరు చేరిస్తే వచ్చేది 100 కాదు, సుమారు 96 నుంచి 97 మిల్లీలీటర్లే. అయినా విచలనం ధనాత్మకమే. ఎందుకంటే విచలనాన్ని నిర్ణయించేది ఉష్ణం ఒక్కటే కాదు. ఇథైల్ సమూహాల చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో సర్దుకోవలసి రావడం వల్ల ఎంట్రోపీ ఆదర్శ మిశ్రమంలో పెరగవలసినంత పెరగదు. ఆ నష్టం, కలయికలో వెలువడిన ఉష్ణం ఇచ్చిన లాభాన్ని మించిపోతుంది. కలిపినప్పుడు వేడి పుట్టింది కాబట్టి విచలనం రుణాత్మకమని తేల్చేయడం, ఈ విషయంలో విద్యార్థులు చేసే పొరపాట్లలో అతి సహజమైనది. బాష్పపీడనాన్ని కొలిచి చూడటమే నమ్మదగిన మార్గం.

ఇప్పుడు కాలమ్ లోపలికి వెళ్దాం. ప్రతి ట్రే మీదా ఆవిరీ ద్రవమూ పూర్తిగా సమతాస్థితికి వస్తాయనీ, పైన ద్రవీకరించినదంతా తిరిగి కాలమ్‌లోకే పంపుతున్నారనీ అనుకుంటే, ఒక ట్రే నుంచి లేచిన ఆవిరి సంఘటనమే పై ట్రే మీది ద్రవం సంఘటనం అవుతుంది. అడుగున వంద అణువుల్లో 7 ఇథనాల్ అణువులున్న ద్రవంతో మొదలుపెడితే, సాధారణ పీడనం వద్ద కొలిచిన విలువల ప్రకారం దాని ఆవిరిలో 39 ఉంటాయి. 39 ఉన్న ద్రవం నుంచి సుమారు 61, దాని నుంచి 70, తర్వాత 75, ఆ తర్వాత 79. మొదటి మెట్టు 32 అణువుల ఎత్తు, రెండోది 22, మూడోది 9, నాలుగోది 5, అయిదోది 4. ఆ పైన మెట్లు ఇంకా సన్నబడుతూ 89.5ను సమీపిస్తాయే కానీ దాటవు.

ఇదే జంట రౌల్ట్ నియమాన్ని పాటించి, ఇథనాల్ అంతటా నీటికన్నా 2.3 రెట్లే బాష్పశీలంగా ఉండి ఉంటే ఏమయ్యేదో పక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. అప్పుడు మెట్లు 7 నుంచి 15కు, అక్కడి నుంచి 28, 48, 68, 83, 92, 96కు సాగేవి. మొదటి మెట్టులో అసలు ద్రావణం 39కి ఎగబాకితే ఆదర్శ ద్రావణం 15 దగ్గరే ఉండిపోతుంది. నాలుగో మెట్టు దాకా అసలుదే ముందుంటుంది. అయిదో మెట్టు దగ్గర ఆదర్శ ద్రావణం దాన్ని దాటిపోయి, ఆ తర్వాత ఏ అడ్డూ లేకుండా శుద్ధి వైపు నడుస్తుంది.

పలుచని వాష్ నుంచి రెండు మూడు మెట్లలోనే ఘాటైన స్పిరిట్ రావడానికి కారణం ధనాత్మక విచలనమే. నీటి గుంపులో ఒంటరిగా ఉన్న ఇథనాల్ అణువు, ఆల్కహాల్ గుంపులో ఒంటరైన నీటి అణువుకన్నా ఎక్కువగా బయటికి తోయబడుతుంది. 7 శాతం దగ్గర దాని సాపేక్ష బాష్పశీలత 2.3 కాదు, 8 దాటుతుంది. ఒక మోస్తరు మట్టికుండ, ఆవిరిని పట్టే ఒక గొట్టం, చల్లని నీటి తొట్టి మాత్రమే ఉన్న చోట కూడా సారా దిగగలిగిందంటే ఈ ఎనిమిది రెట్ల పుణ్యమే. అదే గుణకం 75 శాతం దగ్గర 1.2కు పడిపోతుంది. 89.5 దగ్గర 1 అవుతుంది. అంతకన్నా గాఢమైన ఆల్కహాల్‌ను తెచ్చి మరిగిస్తే 1 కన్నా తగ్గి, నీరే ముందుగా పైకి పోవడం మొదలుపెడుతుంది. విచలనాన్ని ఆటంకమని మాత్రమే చెప్పడం సగం నిజం.

ధనాత్మక విచలనం ఉన్న ప్రతి జంటా అజియోట్రోప్ ఏర్పరచదు. మిథనాల్, నీరు కూడా ఆదర్శం నుంచి ధనాత్మకంగానే తప్పుతాయి, అయినా వాటిని స్వేదనంతో పూర్తిగా విడదీయవచ్చు. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద అది నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బాష్పశీలం. ఈ తేడాను తలకిందులు చేయగలిగినంత γ విలువ మిథనాల్‌లోని నీటికి లేదు. అజియోట్రోప్ రావాలంటే, ఎక్కువ ఉష్ణోగ్రతకు మరిగే అంశం రెండోదానిలో అతి కొద్దిగా ఉన్నప్పుడు దాని γ విలువ, ఆ రెండు శుద్ధ ద్రవాల బాష్పపీడనాల నిష్పత్తిని మించాలి. ఇథనాల్ విషయంలో ఆ నిష్పత్తి 2.3 మాత్రమే కావడంతో నీరు దాన్ని కొద్ది తేడాతో దాటేసింది. మరుగు స్థానాలు దగ్గరగా ఉన్న జంటలకు చిన్న విచలనమే చాలు, దూరంగా ఉన్నవాటికి పెద్ద విచలనం కావాలి.

బాష్పపీడనం గరిష్ఠమైన చోట మరుగు స్థానం కనిష్ఠమవుతుంది, అక్కడే ఆవిరీ ద్రవమూ ఒకే సంఘటనంతో ఉంటాయి. రష్యన్ రసాయనవేత్త ద్మీత్రి కొనొవలోవ్ 1881లో చూపిన ఈ సంబంధం బాష్పపీడనం కనిష్ఠమైన చోటుకూ అంతే వర్తిస్తుంది. రుణాత్మక విచలనం అక్కడే వస్తుంది. ఎసిటోన్ 56 డిగ్రీల వద్ద, క్లోరోఫాం 61 డిగ్రీల వద్ద మరుగుతాయి. కానీ వంద అణువుల్లో దాదాపు 65 క్లోరోఫాం ఉన్న మిశ్రమం 64 డిగ్రీలు దాటితే గాని మరగదు, అంటే రెంటిలో దేనికన్నా ఆలస్యంగానే. క్లోరోఫాంలోని హైడ్రోజన్‌కూ ఎసిటోన్‌లోని ఆక్సిజన్‌కూ మధ్య, రెండు శుద్ధ ద్రవాల్లోనూ లేని హైడ్రోజన్ బంధం కొత్తగా ఏర్పడటమే ఇందుకు కారణం. ఇక్కడ కాలమ్ ప్రవర్తన తిరగబడుతుంది. అజియోట్రోప్ పైకి రాదు, అడుగున పోగవుతుంది. మొదట్లో ఏ అంశం అజియోట్రోప్ సంఘటనానికి మించి ఉందో అదే శుద్ధంగా పైనుంచి దిగుతుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇదే కోవలోనిది. 10 శాతం ఆమ్లాన్ని మరిగిస్తే ముందు ఎక్కువగా నీరు పోతుంది. ప్రయోగశాలకు వచ్చే 36 శాతం గాఢ ఆమ్లాన్ని మరిగిస్తే ముందు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పోతుంది. రెండూ చివరికి బరువులో 20.2 శాతం దగ్గర కలుసుకుని, 108.6 డిగ్రీల వద్ద మార్పు లేకుండా మరుగుతాయి. ఈ స్థిరత్వం వల్లే అలా మరిగించి తీసిన ఆమ్లాన్ని ఘనపరిమాణ విశ్లేషణలో ప్రామాణిక ద్రావణంగా వాడటం ఏళ్ల తరబడి సాగింది.

మారని ఉష్ణోగ్రత వద్ద మరిగే ద్రవాన్ని చూసి అది శుద్ధ పదార్థమనో, సమ్మేళనమనో అనుకోవడం సహజం. 19వ శతాబ్దంలో ఆ అనుమానం నిజంగానే ఉండేది. బ్రిటన్‌లో హెన్రీ రాస్కో, విల్హెల్మ్ డిట్‌మార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వేర్వేరు పీడనాల కింద మరిగించి, పీడనం మారితే చివరి సంఘటనం కూడా మారుతుందని చూపారు. సమ్మేళనంలో మూలకాల నిష్పత్తి పీడనాన్ని బట్టి మారదు గనుక ఇది మిశ్రమమే అయి ఉండాలి. అజియోట్రోప్ అన్న పేరు మాత్రం చాలా తర్వాత, 1911లో వేడ్, మెరిమన్ పెట్టినది.

పని చేసేవారికి ఈ పొరపాటు ఇప్పటికీ పొంచి ఉంటుంది. ఇథనాల్ కాలమ్ పైభాగాన థర్మామీటర్ గంటల తరబడి 78.2 దగ్గర కదలకుండా ఉంటే, శుద్ధ ఇథనాల్ మరుగు స్థానమైన 78.3కు దానికీ ఉన్న తేడా సాధారణ థర్మామీటర్ పసిగట్టలేనిది. సాంద్రత పసిగడుతుంది. 20 డిగ్రీల వద్ద శుద్ధ ఇథనాల్ సాంద్రత 0.789, అజియోట్రోప్‌ది సుమారు 0.802. తెల్లని నిర్జల కాపర్ సల్ఫేట్ పొడి కొద్దిగా వేస్తే నీలిరంగు తిరగడం మరో గుర్తు. రిఫ్లక్స్‌ను, అంటే పైన ద్రవీకరించి తిరిగి కాలమ్‌లోకి పంపే ద్రవాన్ని, ఎంత పెంచినా సాంద్రత మారకపోతే అడ్డు ట్రేల దగ్గర లేదని, సమతాస్థితి దగ్గరే ఉందని గ్రహించాలి. ఆ తర్వాత కాలమ్‌ను వేడిచేయడానికి ఖర్చయ్యే ఆవిరంతా వృథా.

పీడనంతో సంఘటనం మారుతుందన్న అదే గుణాన్ని పట్టుకుని ఈ అడ్డును దాటవచ్చు కదా అన్న ఆలోచన వస్తుంది. పీడనం తగ్గించే కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, దానితో ఇథనాల్, నీటి శుద్ధ బాష్పపీడనాల నిష్పత్తి 2.3 నుంచి మెల్లగా పెరిగి 28 డిగ్రీల ప్రాంతంలో 2.5కు చేరువవుతుంది. తేడా చిన్నదే, అయినా అజియోట్రోప్ నిలబడిందే చిన్న తేడా మీద కాబట్టి సుమారు 70 మిల్లీమీటర్ల పీడనం కింద అది మాయమైపోతుంది. సిద్ధాంతంగా ఇది చక్కని పరిష్కారం, కర్మాగారంలో మాత్రం అంత చక్కనిది కాదు. అజియోట్రోప్ పోయినా ఆవిరి, ద్రవం సంఘటనాలు చివరి భాగంలో వెంట్రుకవాసి తేడాతోనే నడుస్తాయి కనుక ట్రేల సంఖ్యా రిఫ్లక్సూ విపరీతంగా పెరుగుతాయి. పైగా అంత తక్కువ పీడనంలో కాలమ్ పైన ఆవిరి 28 డిగ్రీల దగ్గర ద్రవీకరించాలి. విజయవాడలోనో రామగుండంలోనో వేసవిలో కూలింగ్ టవర్ నీరు అంత చల్లగా దొరకదు, ఆ ఆవిరిని పట్టడానికి శీతలీకరణ యంత్రం పెట్టవలసి వస్తుంది.

1902లో సిడ్నీ యంగ్ మరో దారి చూపాడు. 95.6 శాతం స్పిరిట్‌కు బెంజీన్ కలిపితే బెంజీన్, ఇథనాల్, నీరు మూడూ కలిసి 64.9 డిగ్రీల వద్దే మరిగే మరో అజియోట్రోప్ ఏర్పడుతుంది. దాని బరువులో 74.1 శాతం బెంజీన్, 18.5 శాతం ఇథనాల్, 7.4 శాతం నీరు. ఒక అజియోట్రోప్‌ను ఛేదించడానికి ఇంకో అజియోట్రోప్‌నే పనిముట్టుగా చేసుకోవడం ఇందులోని నేర్పు. 100 కిలోల స్పిరిట్‌తో లెక్క చూస్తే, అందులోని 4.4 కిలోల నీటిని మోసుకుపోవడానికి దాదాపు 59.5 కిలోల మిశ్రమం పైకి పోవాలి. అందులో 44 కిలోలు బెంజీన్, 11 కిలోలు ఇథనాల్. నీరంతా పోయాక అడుగున సుమారు 84.6 కిలోల నిర్జల ఇథనాల్ మిగులుతుంది. పైకి వెళ్లిన ఆవిరి చల్లబడ్డాక రెండు పొరలుగా విడిపోతుంది కాబట్టి బెంజీన్ పొరను మళ్లీ కాలమ్‌లోకి తిప్పవచ్చు, నీటి పొరలోని ఇథనాల్‌ను వేరే కాలమ్‌లో రాబట్టుకోవచ్చు. ఇథనాల్‌తో పోలిస్తే నీటి వంతు స్పిరిట్‌లో ఇరవయ్యో వంతుకు లోపే ఉంటే, ఈ మూడింటి ఆవిరిలో అయిదింట రెండు వంతులు. ఇథనాల్‌తో పోలిస్తే నీటినే ఎంచి ఎక్కువగా తీసుకుపోవడం వల్లనే ఈ పద్ధతి పనిచేసింది. బెంజీన్ క్యాన్సర్ కారకమని తేలడంతో దాని స్థానంలోకి సైక్లోహెక్సేన్ వచ్చింది, సూత్రం మాత్రం అదే.

పెట్రోలులో కలిపే ఇంధన ఇథనాల్‌కు నీరు లేకపోవడం తప్పనిసరి, నీరుంటే పెట్రోలు నుంచి ఆల్కహాల్ పొర విడిపోయే ప్రమాదం ఉంది. ఆ నీటిని తీయడానికి ఇప్పటి డిస్టిలరీలు ఎక్కువగా మాలిక్యులర్ సీవ్‌లను ఆశ్రయిస్తున్నాయి. ఆ జియోలైట్ గుళికల రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రాంల వెడల్పువి. సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాంల నీటి అణువు లోపలికి దూరుతుంది, 4.4 ఆంగ్‌స్ట్రాంల ఇథనాల్ అణువు దూరలేదు. ఇక్కడ బాష్పశీలతతో పనే లేదు, విడదీస్తున్నది అణువుల పరిమాణం. కాలమ్ నుంచి వచ్చిన ఆవిరి ఒక స్తంభంలోని గుళికల గుండా సాగి నీటిని వదులుకుంటుంటే, అప్పటికే తడిసిన రెండో స్తంభంలో పీడనం తగ్గించి, ఆరిన ఇథనాల్ ఆవిరిని కొంత పంపి, పట్టిన నీటిని తోసివేస్తారు. కొద్ది నిమిషాలకొకసారి రెండు స్తంభాల పాత్రలూ మారుతుంటాయి. గుళికల్లోని నీటిని తోసుకువచ్చిన ఆ తడి ఆల్కహాల్ తిరిగి స్వేదన కాలమ్‌కే వెళుతుంది.

అయినా స్వేదనం లేకుండా సీవ్ ఒక్కటే ఈ పని చేయలేదు. 10 శాతం ఆల్కహాల్ ఉన్న వాష్‌ను నేరుగా గుళికల మీదికి పంపితే కిలో ఇథనాల్‌కు తొమ్మిది కిలోల నీటిని పట్టవలసి వస్తుంది, గుళికలు చూస్తుండగానే నిండిపోతాయి. అందుకే డిస్టిలరీలో కాలమ్ తన విచలనం ఇచ్చిన సాయంతో తొంభై పైచిలుకు శాతం దాకా తీసుకువస్తుంది, ఆ విచలనమే అడ్డుగా మారబోయే ముందు ఆవిరిని సీవ్‌కు అప్పగిస్తుంది. ఎక్కడ అప్పగించాలన్నది 95.6 అన్న అంకె నిర్ణయించదు. దానికి చాలా ముందే, ఒక్కో శాతానికి ఎన్ని ట్రేలు, ఎంత ఆవిరి ఖర్చవుతున్నాయో చూసుకుని, సన్నబడుతున్న మెట్ల మీద ఇంకో మెట్టు ఎక్కడం గుళికలను ఆరబెట్టడం కన్నా ఖరీదయ్యే చోట ఆ గీత గీస్తారు.